మోజెస్ కంటే మీ మాట ఎక్కువ చెల్లుతుందా?

"మీకు పట్టింపు ఉన్న సమస్యలను ప్రభుత్వం పట్టించుకునేలా చేయడంలో మీ మాట ఎంతవరకు చెల్లుతుంది?" ఈ శతాబ్దం మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు దేశాల్లో చేయించిన సర్వేల్లో ఇదొక ప్రశ్న. జవాబుకు ఐదు మెట్లు ఇచ్చారు: పూర్తిగా చెల్లుతుంది, చాలావరకు చెల్లుతుంది, ఓ మోస్తరుగా, కొద్దిగా, అసలు చెల్లదు. మెక్సికోలో సగం మందికి పైగా "అసలు చెల్లదు" అన్నారు. చైనాలో ఆ మాట అన్నవాళ్లు 30 శాతం లోపే.

ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు నమ్మితే, ప్రభుత్వం దగ్గర సామాన్యుడి మాట మెక్సికోలో కంటే చైనాలోనే ఎక్కువ చెల్లుతోందని ఒప్పుకోవాలి. మెక్సికోలో 71 ఏళ్లపాటు అధికారాన్ని వదలని పార్టీని ఓటర్లు 2000 ఎన్నికల్లో అధ్యక్ష పీఠం నుంచి దించేశారు. చైనాలో దేశాన్ని ఏలేవారిని ఎన్నుకునే స్వేచ్ఛాయుతమైన ఎన్నిక ఒక్కటీ జరగలేదు. మరి జనం అబద్ధం చెప్పారా? భయపడ్డారా? కొంత భయం ఉండే ఉంటుంది. అసలు చిక్కు మాత్రం ఇంకో చోట ఉంది. "కొద్దిగా", "ఓ మోస్తరుగా" అనే మాటలకు ఇద్దరు మనుషులు ఒకే కొలత పెట్టుకోరు. ఓటుతో ప్రభుత్వాన్నే మార్చగలమని తెలిసిన మనిషి తన అర్జీ ఆఫీసులో మూలపడితే "నా మాట అసలు చెల్లదు" అంటాడు. ఎన్నడూ ఎవరూ అడగని మనిషి, ఊరి అధికారి ఒకసారి ఆగి తన గోడు విన్నందుకే "ఓ మోస్తరుగా చెల్లుతుంది" అనుకోవచ్చు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్ల జవాబులను పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు తేల్చడమే తప్పు.

ఊరికో మానిక ఉన్నప్పుడు ఎవరికెన్ని మానికల ధాన్యం పండిందో పోల్చాలంటే ముందు ఏం చేయాలి? ఒకే బస్తా గింజలను అన్ని మానికలతోనూ కొలిపించాలి. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజనీతి శాస్త్రవేత్త గ్యారీ కింగ్, ఆయనతో పనిచేసిన క్రిస్టఫర్ ముర్రే, జాషువా సాలమన్, అజయ్ టాండన్ సర్వేల్లో చేసింది సరిగ్గా ఇదే. 2004లో అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూలో వాళ్ల వ్యాసం వచ్చింది. ఆ పద్ధతిని యాంకరింగ్ విన్యెట్లు అంటారు. మన మాటల్లో కొలబద్ద కథలు అనుకుందాం.

కథలంటే నాలుగైదు వాక్యాల కంటే ఎక్కువేమీ ఉండవు. పై ప్రశ్నకు ఐదు కథలు రాశారు. అన్నిటిలోనూ సమస్య ఒకటే, తాగడానికి మంచినీళ్లు లేవు. మారేదల్లా ఆ మనిషి చేతిలో ఉన్న బలం. ఆలిసన్, ఆమె ఇరుగుపొరుగు నీళ్లు తెప్పిస్తానన్న ప్రతిపక్ష అభ్యర్థి వెనక నిలబడ్డారు. అతను గెలిచేలా ఉన్నాడు. ఇమెల్డా వాళ్లు సంతకాలు సేకరిస్తున్నారు, ఎన్నికల ముందు పార్టీలన్నిటికీ ఇస్తారు. జేన్ ఉండే చోట ప్రభుత్వం పరిశ్రమల కోసం నీళ్ల సంగతి పక్కన పెట్టింది. ప్రతిపక్షం మాట ఇచ్చినా పాలకపక్షమే గెలవడం ఖాయం, ఓటేసి లాభం లేదని ఆమెకు తెలుసు. తోషిరో ఊళ్లో ఏదైనా చేయగల పెద్దలు ఉన్నారు గానీ, ఇప్పుడు పరిశ్రమలే ముఖ్యమని తేల్చి చెప్పేశారు. ఇక మోజెస్. అతనికి ఓటు హక్కే లేదు. ప్రభుత్వంలో ఎవరికీ తన బాధ పట్టదనుకుంటాడు. ఏనాటికైనా ఏదైనా జరక్కపోతుందా అని నోరు మూసుకుని భరిస్తున్నాడు.

ప్రతి కథ వినిపించాక అదే ప్రశ్న, అవే ఐదు మెట్లు: ఈ మనిషి మాట ఎంతవరకు చెల్లుతుంది? ఇక్కడే కిటుకంతా ఉంది. మెక్సికో మనిషి విన్న మోజెస్, చైనా మనిషి విన్న మోజెస్ ఒక్కడే. అతని పరిస్థితి ఎక్కడా మారలేదు. కాబట్టి ఒకరు మోజెస్‌కు "అసలు చెల్లదు" అని, మరొకరు "కొద్దిగా చెల్లుతుంది" అని ఇస్తే, ఆ తేడా మోజెస్‌ది కాదు, చెప్పినవాళ్ల కొలబద్దది. మనిషి తన గురించి చెప్పే జవాబులో అతని స్థితి, అతని కొలబద్ద రెండూ కలిసిపోయి ఉంటాయి, వాటిని విడదీసే దారి లేదు. కథలోని మనిషి స్థితి మనకు ముందే తెలుసు గనక అక్కడ కొలబద్ద ఒక్కటే విడిగా కనిపిస్తుంది.

ఆ తర్వాత ఒక్కొక్కరు తమకు తాము ఇచ్చుకున్న మెట్టును, మోజెస్‌కు వాళ్లే ఇచ్చిన మెట్టుతో పోల్చి చూశారు. చైనాలో 40 శాతానికి పైగా జనం తమ మాట మోజెస్ మాట కంటే కూడా తక్కువ చెల్లుతుందని చెప్పినట్టు తేలింది. ఓటు లేక, ఎవరికీ పట్టక, మౌనంగా భరించే మనిషి కంటే తక్కువ! మెక్సికోలో అలాంటివాళ్లు దాదాపు ఎనిమిది మందిలో ఒకరు. మొదట చూసిన వరస తలకిందులైంది. సర్వే లెక్కల్లో ఇంతగా మనసును కుదిపే అంకె నాకు మరొకటి కనిపించలేదు.

దీన్ని మన దగ్గరి విషయంతో, ఒంటి ఆరోగ్యంతో, ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. 2002లో అమర్త్య సేన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసంలో ఈ చిక్కును ఎత్తి చూపారు. దేశంలో ఆయుర్దాయం బాగా ఎక్కువగా ఉన్న కేరళలో "నాకు జబ్బు ఉంది" అని చెప్పేవాళ్ల శాతమూ ఎక్కువే. ఆయుర్దాయం బాగా తక్కువగా ఉన్న బీహార్‌లో ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ. అమెరికన్లు కేరళ వాళ్లను కూడా మించి జబ్బులు చెప్పుకుంటారు. చదువు, ఆసుపత్రి అందుబాటులో ఉన్నచోట మోకాలి నొప్పి ఒక జబ్బు. లేనిచోట అది వయసుతో వచ్చేది, అంతే. జనం చెప్పిన మాటను బట్టి మాత్రమే వైద్యానికి డబ్బు పంచితే బీహార్‌కు అందాల్సింది కేరళకు పోతుంది.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఈ కథలు 2000-01 ప్రాంతంలోనే వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య సర్వేకు మన దేశం నుంచి ఎంచుకున్నది ఈ రాష్ట్రాన్నే. నడవడం, నొప్పి, తన పనులు తాను చేసుకోవడం, జ్ఞాపకశక్తి, మనసు దిగులు వంటి అంశాలపై ముందు సొంత స్థితి అడిగారు, కథలూ వినిపించారు. నడకకు సంబంధించి ఆ సంస్థ వాడిన కథల్లో రెండు ఇలా ఉంటాయి. మొదటి కథలోని మనిషి 200 మీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాడు. కిలోమీటరు నడిస్తే, ఒక అంతస్తుకు మించి మెట్లెక్కితే అలసిపోతాడు. బజారు నుంచి సరుకులు మోసుకు రావడంలాంటి రోజువారీ పనులకు ఇబ్బంది లేదు. రెండో కథలోని మనిషికి జబ్బు వల్ల కాళ్లు బాగా వాచాయి. కాళ్లు బరువెక్కి ఇంట్లో తిరగడానికే కష్టపడాలి.

లెక్క ఎలా నడుస్తుందో చూడడానికి ఇద్దరిని ఊహించుకుందాం. ప్రకాశం జిల్లాలో అరవై దాటిన వ్యవసాయ కూలీ ఒకామె. విజయవాడలో రిటైరైన ఉపాధ్యాయుడు ఒకాయన. గడిచిన 30 రోజుల్లో నడవడానికి, తిరగడానికి ఎంత ఇబ్బంది పడ్డారని అడిగితే ఇద్దరూ "కొద్దిగా ఇబ్బంది" అన్నారు. ఐదు మెట్లలో అది రెండోది. కాగితం మీద ఇద్దరి ఆరోగ్యం సమానం.

ఇప్పుడు కథలు. కిలోమీటరు నడిస్తే అలసిపోయే మనిషికి ఆమె "ఇబ్బందేమీ లేదు" అని ఇచ్చింది. "కిలోమీటరు నడిచాక ఎవరైనా అలసిపోతారు గదయ్యా" అని ఆమె అనుకోవచ్చు. కాళ్లు వాచిన మనిషికి "కొద్దిగా ఇబ్బంది" ఇచ్చింది. అదే మాస్టారు మొదటి మనిషికి "ఓ మోస్తరు ఇబ్బంది", రెండో మనిషికి "తీవ్రమైన ఇబ్బంది" ఇచ్చారు. ఇక వాళ్ల సొంత జవాబును వాళ్ల కథల పక్కన పెట్టాలి. ఆమె తనకు ఇచ్చుకున్నది కాళ్లు వాచిన మనిషికి ఇచ్చిన మెట్టే. ఆయన తనకు ఇచ్చుకున్నది కిలోమీటరు నడిచి అలసిపోయే మనిషి కంటే మేలైన మెట్టు.

రెండు కథలు ఉంటే ఒక మనిషి నిలబడగల చోట్లు ఐదు: మొదటి కథ కంటే మేలు, దానితో సమానం, రెంటికీ మధ్య, రెండో కథతో సమానం, దానికంటే అధ్వాన్నం. మాస్టారు ఒకటో చోట, ఆమె నాలుగో చోట తేలారు. "కొద్దిగా" అన్న ఒకే మాట వెనక ఇంత దూరం దాగి ఉంది. కథలు మూడైతే చోట్లు ఏడవుతాయి, ఐదైతే పదకొండు. ఈ లెక్కకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు, కాగితం పెన్సిలు చాలు.

అందరి జవాబులూ ఇంత శుభ్రంగా రావు. ఒకరు మొదటి మనిషికి "ఓ మోస్తరు", కాళ్లు వాచిన మనిషికి "కొద్దిగా" ఇచ్చి, తనకూ "కొద్దిగా" ఇచ్చుకుంటే? అప్పుడు ఆయన మొదటి కథ కంటే మేలు, రెండో కథతో సమానం. ఒకటో చోటా, నాలుగో చోటా తేల్చలేం. ఒకటి నుంచి నాలుగు వరకు ఎక్కడైనా ఉండవచ్చని మాత్రమే రాసుకోవాలి. ఇలా కథల వరసను తారుమారు చేసినవాళ్లు పదిమందిలో ఒకరైతే అజాగ్రత్త అనుకోవచ్చు. ఒక జిల్లాలో, లేదా ఒక భాషలో చాలామంది అలా చేస్తే తప్పు జవాబు చెప్పినవాళ్లది కాదు. కథ అనువాదంలో ఏదో చెడింది, లేదా ఆ రెండు కథల మధ్య తేడా అక్కడి జనానికి తేడాగా అనిపించలేదు. పద్ధతి తన లోపాన్ని తానే బయటపెట్టే చోటు ఇది. సర్వే నివేదిక చేతికొస్తే నేను మొదట వెతికేది ఈ తారుమారు శాతాన్నే.

ఈ పెన్సిలు లెక్కతో పాటు ఒక గణాంక నమూనా కూడా ఉంది. దానిలో వయసు, చదువు, ఆదాయం, ఊరు వంటివి మనుషుల కొలబద్దను ఎటు జరుపుతాయో కథల జవాబుల నుంచి అంచనా కట్టి, ఆ జరుగుడును సొంత జవాబుల్లోంచి తీసేస్తారు. దీనికో సౌకర్యం ఉంది. కథలు అందరినీ అడగనక్కర్లేదు, కొందరిని అడిగితే చాలు. సర్వే ఖర్చు, జనం ఓపిక రెండూ మిగులుతాయి.

ఆంధ్రప్రదేశ్ సమాచారాన్ని ఇండోనేసియా, చైనా సమాచారంతో కలిపి బాగో డూవా, వాన్ డోర్స్లార్, లిండెబూమ్, ఒడొనెల్ అనే ఆరోగ్య ఆర్థికవేత్తలు ఇలాగే విశ్లేషించి 2008లో ప్రచురించారు. వేర్వేరు వర్గాలు ఒకే కొలబద్ద వాడడం లేదని రుజువైంది. దిద్దాక వయసు, పల్లె-పట్నం తేడాల వల్ల కనిపించిన ఆరోగ్య అంతరాలు తగ్గే ధోరణి కనిపించింది. స్త్రీ-పురుష అంతరం విషయంలో ఇండోనేసియాను, చదువు విషయంలో చైనాను మినహాయిస్తే అక్కడా అంతే. కానీ పేద-ధనిక అంతరం మాత్రం పెరిగింది. అంటే జనం చెప్పిన జవాబుల్లో పేదవాళ్ల అనారోగ్యం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తోంది. ఒకే రకమైన కాలి బాధను పేదవాళ్లు చిన్న ఇబ్బందిగా, ఉన్నవాళ్లు పెద్ద ఇబ్బందిగా లెక్కేస్తున్నారు. ఓర్చుకోవడం అలవాటైన మనిషి ఓర్పు ఆ మనిషి మీదే నష్టంగా పడుతుంది.

అదే పరిశోధకులు మరో మాటా రాశారు. దిద్దుబాటు పరిమాణం మొత్తం మీద పెద్దది కాదన్నారు. చైనా-మెక్సికోల్లో లాగా వరస తలకిందులు కాలేదు. ఇది కూడా అంతే ముఖ్యం. కథలు వేస్తే ప్రతిసారీ అద్భుతం బయటపడుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. కొన్నిచోట్ల పాత అంకె దాదాపు సరైనదేనని తేలుతుంది. అది తెలియడం కూడా లాభమే.

ఈ పద్ధతి రెండు నమ్మకాల మీద నిలబడి ఉంది. ఒకటి, కథలోని స్థితి అందరికీ ఒకేలా అర్థమవుతుందనేది. రెండోది, మనిషి తనను కొలుచుకునే కొలబద్దతోనే కథలోని మనిషినీ కొలుస్తాడనేది. ఈ రెంటిలో ఏది వీగినా దిద్దుబాటు పక్కదారి పడుతుంది.

మొదటి నమ్మకాన్ని మోజెస్ కథల దగ్గరే పరీక్షించవచ్చు. ఆలిసన్ కథలో గెలవబోయే ప్రతిపక్ష అభ్యర్థి ఉన్నాడు. ప్రతిపక్షమే లేని దేశంలో పెరిగిన మనిషికి ఆ వాక్యం ఏం అర్థమవుతుంది? విన్న మాటను తనకు తెలిసిన ఏదో పరిస్థితికి మలుచుకుని జవాబిస్తాడు. అందుకే ఐదు కథల్లోనూ నేను ఎక్కువ విలువిచ్చేది మోజెస్ కథకు. ఓటు లేదు, వినేవాడు లేడు, మౌనంగా భరిస్తున్నాడు అనేది ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. అలాగే నడక కథలో "ఒక అంతస్తుకు మించి మెట్లు" అన్నది మేడలు లేని పల్లెలో ఊహకు అందకపోవచ్చు. కథ రాసేవాళ్లు మెట్ల బదులు అక్కడి గట్టునో చెరువు కట్టనో పెట్టాలని చూస్తారు. కానీ కట్ట ఎత్తు మారితే కథలోని స్థితి మారిపోతుంది, అప్పుడది ఒకే బస్తా గింజలు కాదు. పేర్లు మాత్రం మార్చవచ్చు, మార్చాలి కూడా. విన్నవాళ్లు ఆడవాళ్లైతే కథలో ఆడమనిషి, వాళ్ల ప్రాంతపు పేరు పెడతారు. లేకపోతే "వాళ్లకేం, దొరలు" అన్న భావం జవాబులోకి వస్తుంది.

రెండో నమ్మకం ఇంకా సున్నితమైనది. పరాయివాడి బాధ మీద జాలిపడి కథలోని మనిషికి పెద్ద మెట్టు ఇచ్చి, తన బాధ చెప్పుకోవడానికి మొహమాటపడే వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. దీన్ని కనిపెట్టాలంటే మాటకు అవతల ఒక కొలత కావాలి. ఇంగ్లండ్‌లో వయసు మళ్లినవారిపై జరిగే దీర్ఘకాల అధ్యయనంలో అలాంటి కొలతలు ఉన్నాయి. పైన చెప్పిన నలుగురే వాటితో కథల దిద్దుబాటును సరిపోల్చి 2011లో ఫలితం ప్రకటించారు. నడకలోనూ, జ్ఞాపకశక్తిలోనూ రెండు నమ్మకాలూ గట్టి పరీక్షకు నిలబడలేదు. కొంత సడలించిన పరీక్షలో జ్ఞాపకశక్తి విషయంలో రెండో నమ్మకం ఒక్కటే నిలిచింది. తాము వాడిన పద్ధతినే తాము నిలదీసి, నిలబడలేదని రాసిన ఆ నలుగురి నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను. దానికి ఎదురుగా, ఐర్లండ్‌లో విద్యార్థుల మద్యపానంపై ఆర్థర్ వాన్ సోస్ట్ బృందం చేసిన అధ్యయనం ఉంది. ఎంత తాగుతారో లెక్కగా అడిగి, కథలతో దిద్దిన జవాబులతో పోలిస్తే పద్ధతికి మద్దతే దొరికింది. గ్లాసుల లెక్కలో చెప్పగలిగే విషయానికి కథ సూటిగా రాయవచ్చు, అందరికీ ఒకేలా అర్థమవుతుంది. నడకలోని కష్టాన్ని నాలుగు వాక్యాల్లో పట్టుకోవడం అంత తేలిక కాదు. తేడా అక్కడే వచ్చిందని నా అభిప్రాయం.

సర్వేలు చేసేవారికి వెంటనే పనికొచ్చే ఒక సంగతి ఉంది. మామూలుగా ముందు సొంత సంగతి అడిగి తర్వాత కథలు వినిపించేవారు. డేనియల్ హాప్కిన్స్, గ్యారీ కింగ్ 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ వరసను తిరగేసి చూశారు. కథలు ముందు వింటే, ప్రశ్న దేన్ని గురించో, మెట్లను ఎలా వాడాలో మనిషికి స్పష్టమవుతుంది. ఆ తర్వాత తన గురించి చెప్పేటప్పుడు అదే కొలబద్ద వాడే అవకాశం పెరుగుతుంది.

ప్రభుత్వ సేవల మీద ఫోన్ చేసి "మీకు సంతృప్తిగా ఉందా" అని అడిగి, వచ్చిన శాతాలతో జిల్లాలకు ర్యాంకులు ఇచ్చేవారికి నా విన్నపం ఇది. రేషన్ కోసం మూడుసార్లు తిరిగిన మనిషి కథ ఒకటి, మొదటిసారే అందిన మనిషి కథ ఒకటి రాయండి. సొంత సంగతి అడగకముందే కొందరికైనా వాటిని వినిపించండి. ఎంతమంది వాటి వరస తారుమారు చేశారో ర్యాంకు పక్కనే అచ్చువేయండి. అది లేనంతవరకు ఏజెన్సీ ప్రాంతంలో "బాగానే ఉంది" అన్నవాళ్ల శాతాన్ని నగరంలో "బాగాలేదు" అన్నవాళ్ల శాతం పక్కన పెట్టి నిధులు పంచకండి.